సిగరెట్ మానడానికి లేజర్, యాప్, హిప్నాసిస్, ఎస్సెమ్మెస్: నాలుగూ వాడి చూశాక

లేజర్ సెంటర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "90 శాతం సక్సెస్". అప్పటికి నేను రోజుకు 14 సిగరెట్లు తాగుతున్నాను. యాప్ వాడి ఒకసారి ఓడిపోయాను కూడా. 90 శాతం అంటే నాలాంటివాడికి అదే దేవుడు కనపడినట్టు. ఎవర్ని లెక్కపెట్టారు, ఎప్పుడు లెక్కపెట్టారు అని అడగాలని తట్టనే లేదు.

సిట్టింగ్ అరగంట. చెవి మీద, ముక్కు పక్కన, మణికట్టు దగ్గర ఒక్కో చోట పెన్నులాంటి పరికరాన్ని కాసేపు ఆనించి పెట్టారు. నొప్పి లేదు, వేడి లేదు, చిన్న ఎర్రటి వెలుగు తప్ప ఏమీ లేదు. ఇది కోసే లేజర్ కాదు, చాలా తక్కువ శక్తిది. ఆక్యుపంక్చర్‌లో సూది గుచ్చే చోట్లలోనే సూదికి బదులు వెలుతురు పెడతారు. దాంతో శరీరంలో హాయినిచ్చే ఎండార్ఫిన్లు విడుదలవుతాయి, నికోటిన్ కోసం తహతహ ఆగిపోతుంది అని చెప్పారు. బయటికి వస్తూనే జేబులో ఉన్న పెట్టె చెత్తబుట్టలో పడేశాను. తొమ్మిది రోజులు ముట్టలేదు. పదో రోజు ఆఫీసులో ఒక గొడవ, సాయంత్రానికి రెండు సిగరెట్లు, వారం తిరక్కుండా మళ్లీ 14.

ముప్పయ్యో రోజు సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది, మానేశారా అని. సిగ్గేసి ఎత్తలేదు. ఆ ఫోన్ ఎత్తనందుకు వాళ్ల లెక్కలో నేనేమయ్యానో చాలా రోజుల తర్వాత అర్థమైంది. ఏమీ కాలేదు. అసలు లెక్కలోకే రాలేదు.

ఊరికే ఒక ఊహా లెక్క వేసి చూడండి. వంద మంది చేరారనుకుందాం. నెల తర్వాత ఫోన్ చేస్తే 40 మంది ఎత్తారు, వాళ్లలో 32 మంది మానేశామన్నారు. 40లో 32 అంటే 80 శాతం, గోడ మీద రాసుకోవచ్చు. కానీ ఫోన్ ఎత్తనివాళ్లలో ఎక్కువమంది నాలాంటివాళ్లే ఉంటారు. వాళ్లందరినీ తాగుతున్నట్టే లెక్కేస్తే వందలో 32. అదే ప్రశ్న ఆరు నెలల తర్వాత అడిగితే, మధ్యలో మళ్లీ మొదలుపెట్టినవాళ్లు పోగా 14 మంది మిగిలారనుకోండి. ఊపిరి పరీక్షో ఉమ్మి పరీక్షో చేస్తే అందులోనూ కొందరి మాట అబద్ధమని తేలుతుంది, 9 మంది మిగులుతారు. ఇక ఏ సాయమూ లేకుండా సొంతంగా మానాలని చూసినవాళ్లలో కూడా వందకు నలుగురైదుగురు ఆరు నెలలు నిలుస్తారు. వాళ్లనూ తీసేస్తే చికిత్స వల్ల మానినవాళ్లు నలుగురో అయిదుగురో. అవే మనుషులు, అదే సెంటర్. లెక్కపెట్టే తీరు మారితే 80 కాస్తా 4 అవుతుంది.

ఈ రంగంలో పరిశోధకులు పాటించే పద్ధతి ఇదే. దాన్ని రస్సెల్ స్టాండర్డ్ అంటారు. కనీసం ఆరు నెలలు ఆగాలి, ఆచూకీ లేనివాళ్లను తాగుతున్నవాళ్ల కిందే వేయాలి, మాట నమ్మకుండా పరీక్ష చేయాలి. పరీక్షలోనూ తేడా ఉంది. గొట్టంలోకి ఊదితే కార్బన్ మోనాక్సైడ్ చూపించే మీటరు ఒక్క రోజు క్రితం దాకా మాత్రమే పసిగడుతుంది, నిన్నంతా తాగకుండా వెళితే పాసైపోవచ్చు. శరీరంలో నికోటిన్ కోటినిన్‌గా మారుతుంది. ఉమ్మిలో ఆ కోటినిన్ కొన్ని రోజులు ఉంటుంది కాబట్టి దాన్ని మోసం చేయడం కష్టం. అయితే చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ వాడేవాళ్లకు ఉమ్మిలో కోటినిన్ ఎలాగూ కనపడుతుంది, వాళ్లకు ఊదే మీటరే గతి.

ఈ కొలబద్దతో లేజర్‌ని చూస్తే మిగిలేది చాలా తక్కువ. ఆక్యుపంక్చర్, దాని తరహా పద్ధతులన్నిటి మీదా వైద్య ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2014లో చేసిన సమీక్షలో లేజర్ మీద దొరికిన ప్రయోగాల ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు, కలిపి ఒక మాట చెప్పడానికే వీల్లేకపోయింది. నిజానికి లేజర్‌ని పరీక్షించడం తేలిక. వేడీ నొప్పీ లేవు కాబట్టి సగం మందికి వెలుగు రాని పరికరం పెట్టి కళ్లు మూయిస్తే ఎవరికి ఏది పెట్టారో వాళ్లకే తెలియదు. అంత తేలికైన పరీక్షలో తిరుగులేని ఫలితం చూపించకుండానే ఇన్ని సెంటర్లు నడుస్తున్నాయంటే నాకు ఒళ్లు మండుతుంది. నా తొమ్మిది రోజులు లేజర్ వల్ల వచ్చినవో, పెట్టె చెత్తబుట్టలో పడేసిన ఆవేశం వల్ల వచ్చినవో చెప్పే దారి లేదు. రెండోదే అనుకుంటున్నాను.

యాప్ సంగతి దానికంటే ముందుది. ఎన్ని రోజులైంది, ఎంత డబ్బు మిగిలింది, ఊపిరితిత్తులు ఎంత కోలుకున్నాయి అని చూపించే రకం. మొదటి వారం గంటకోసారి తెరిచి చూసుకునేవాణ్ణి. పదిహేడో రోజు ఒక పెళ్లిలో ఒక్క సిగరెట్ తాగాను. నిజాయితీగా యాప్‌లో నొక్కితే 17 కాస్తా సున్నా అయింది. ఆ సున్నా చూశాక మళ్లీ తెరవబుద్ధి కాలేదు, ఎలాగూ పోయింది కదా అని మర్నాడు పెట్టె కొన్నాను. ఒక్కసారి జారడానికీ పూర్తిగా పడిపోవడానికీ మధ్య ఉండాల్సిన మెట్టును ఆ కౌంటర్ తీసేసింది.

యాప్‌తో అసలు చిక్కు ఏమిటంటే, అది మనం తెరిచేదాకా ఊరికే కూర్చుంటుంది. సిగరెట్ తాగాలని గట్టిగా అనిపించే ఆ కొన్ని నిమిషాల్లో ఫోన్ తీసి యాప్ తెరిచేంత ఓపికే ఉంటే సగం గెలిచినట్టే. కాక్రేన్ 2019లో మెసేజ్‌లనూ యాప్‌లనూ కలిపి సమీక్షించింది. యాప్‌ల మీద అప్పటికి అయిదు ప్రయోగాలే ఉన్నాయి, మామూలు సలహాతోనో తేలికపాటి సాయంతోనో పోలిస్తే తేడా కనపడలేదు. అన్ని యాప్‌లూ ఒకటే అనడం కూడా తప్పే. 2020లో అమెరికాలో iCanQuit అనే యాప్‌ని QuitGuide అనే మరో యాప్‌తో పోల్చారు, 2,400 మందికి పైగా పాల్గొన్నారు. మొదటిది తాగాలనిపించడాన్ని అణచుకోమనదు, ఆ కోరికను వచ్చినట్టే రానిచ్చి, గమనించి, పోనిమ్మంటుంది. ఏడాది తర్వాత దాన్ని వాడినవాళ్లలో 28 శాతం, రెండో దాన్ని వాడినవాళ్లలో 21 శాతం గత నెల రోజులుగా తాగలేదన్నారు. మొదటి యాప్‌ని జనం చాలా ఎక్కువసార్లు తెరిచారు కూడా. అయితే ఇది వాళ్లు చెప్పిన మాటే, పరీక్ష చేసింది కాదు. అందుకే 28ని పక్కనపెట్టి రెంటికీ మధ్య ఉన్న తేడానే చూడాలి.

హిప్నాసిస్ గురించి ఎక్కువ రాయడానికి లేదు. నాలుగు సిట్టింగులకు వెళ్లాను. ఆయన మంచి మనిషి, గొంతు ఇంకా మంచిది. సోఫాలో వాలి కళ్లు మూసుకుంటే సిగరెట్ పొగ కాలిన రబ్బరులా వాసన వస్తుందని ఊహించమనేవాడు. అంత హాయిగా నిద్ర పట్టి చాలా ఏళ్లయింది! మూడు వారాలు మానాను. పరిశోధనల మాట ఏమిటంటే, 2019 కాక్రేన్ సమీక్షలో 14 ప్రయోగాలు, 1,900 మందికి పైగా ఉన్నారు. ఎవరో ఒకరు అంతే సేపు ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడి ధైర్యం చెప్పినదానికంటే హిప్నాసిస్ మెరుగని స్పష్టంగా తేలలేదు. పనిచేయదని రుజువైంది అనడం కూడా సరికాదు, ప్రయోగాలు చిన్నవి, చాలావాటిలో లోపాలున్నాయి. నాకు మాత్రం నిద్రకు పనికొచ్చింది.

ఇక ఎస్సెమ్మెస్. నిజం చెప్పాలంటే దీన్నే అన్నిటికంటే చులకనగా చూశాను. మెసేజ్ చూసి ఎవడైనా సిగరెట్ మానతాడా అనుకున్నాను. బ్రిటన్‌లో txt2stop అనే ప్రయోగం జరిగింది, ఫలితాలు 2011లో వచ్చాయి. 5,800 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మొదటి అయిదు వారాలు రోజుకు అయిదు మెసేజ్‌లు, తర్వాత 26 వారాలు వారానికి మూడు. రెండో గుంపుకు కూడా మెసేజ్‌లు వెళ్లాయి గానీ వాటిలో మానడం గురించి ఏమీ ఉండదు, పాల్గొన్నందుకు థాంక్స్ లాంటివే. ఆరు నెలల తర్వాత పరీక్ష చేసి చూస్తే మొదటి గుంపులో 10.7 శాతం, రెండో గుంపులో 4.9 శాతం మానినవాళ్లు తేలారు. గోడ మీది 90 పక్కన 10.7 వెలవెలబోతుంది. కానీ ఈ 10.7లో ఆచూకీ లేనివాళ్లను అంచనా వేసి లెక్కలోకి తీసుకున్నారు, వాళ్లందరినీ తాగుతున్నట్టే వేసినా ఒక గుంపులో 9, రెండో గుంపులో 4 శాతం వచ్చాయి, ఉమ్మి పరీక్ష ఉంది, పోల్చడానికి మరో గుంపు ఉంది. ఆ తర్వాత వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసినా 2019 సమీక్షలో మెసేజ్‌ల వల్ల మానేవాళ్లు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతారనే తేలింది.

నేను చేరిన కార్యక్రమం కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో నడిచింది. ముందు మానే తేదీ అడిగారు, రెండు వారాల్లోపు ఉండాలన్నారు. ఆ తేదీకి ముందే మెసేజ్‌లు మొదలయ్యాయి: ఏ వేళల్లో తాగుతారో కాగితం మీద రాయండి, ఇంట్లోవాళ్లకు తేదీ చెప్పండి, ముందురోజు రాత్రే లైటర్లూ యాష్‌ట్రేలూ తీసేయండి. మూడో రోజు పొద్దున వచ్చిన మెసేజ్ ఇంకా గుర్తుంది: చిరాకు ఇవాళో రేపో గరిష్ఠంగా ఉంటుంది, అది మీ స్వభావం కాదు, నికోటిన్ దిగుతోంది. అప్పుడే మా ఆవిడ మీద అరిచి వచ్చి కూర్చున్నాను. ఫోన్ తీసి ఆవిడకి చూపించాను.

తాగాలని ప్రాణం లాగేసినప్పుడు ఒక్క మాట పంపితే వెంటనే జవాబొచ్చే ఏర్పాటు కూడా ఉంది. txt2stopలో ఆ మాట crave. జారిపోతే పంపడానికి lapse అని ఇంకో మాట. ఈ రెండోదే నన్ను కాపాడింది. ఆరో వారంలో రైల్వే ప్లాట్‌ఫాం మీద ఒక సిగరెట్ తాగేశాను. మెసేజ్ పంపితే జవాబు: మిగతా పెట్టె పారేయండి, లెక్క మొదటికి రాదు, ఎక్కడ ఎవరితో ఉన్నప్పుడు తాగారో గుర్తుపెట్టుకోండి. యాప్ సున్నా చూపించిన చోట ఇది తర్వాత ఏం చేయాలో చెప్పింది.

లోపాలూ ఉన్నాయి. మెసేజ్‌లు రాసింది ఒకరి కోసం కాదు, అందుకే లావవుతారని భయపడుతున్నారా లాంటివి నాకు అక్కర్లేనివి చాలా వచ్చాయి. మీటింగ్‌లో టింగుమంటుంది. పైగా డాక్టరు సలహాతో నేను 21 మిల్లీగ్రాముల ప్యాచ్ కూడా వేసుకున్నాను, తర్వాత 14, చివర 7. ప్యాచ్‌కు మెసేజ్‌లకంటే చాలా ఎక్కువ ప్రయోగాల మద్దతు ఉంది. కాబట్టి నా గెలుపులో దేని వాటా ఎంతో విడదీయలేను. రెండూ కలిపి వాడమనే చెబుతాను. మెసేజ్ ఒంటికి పట్టిన నికోటిన్ అవసరాన్ని తీర్చలేదు, ప్యాచ్ రైల్వే ప్లాట్‌ఫాం మీద మాట్లాడలేదు.

సిగరెట్ ముట్టక రెండేళ్ల మూడు నెలలైంది. ముప్పై ఒకటో వారంలో కార్యక్రమం అయిపోయింది, ఆఖరి మెసేజ్‌లో శుభాకాంక్షలు చెప్పి ఊరుకున్నారు. ఆ తర్వాతి సోమవారం పొద్దున చాలాసేపు ఫోన్ చూస్తూ కూర్చున్నాను, ఏమీ రాలేదు. ఆ నంబరు మాత్రం ఇంకా డిలీట్ చేయలేదు.