రోజుకో రకం పని: మిర్యాలగూడ రైస్‌మిల్లులో రెండేళ్లు పాటించాక నా సమీక్ష

నేను మిర్యాలగూడలో ఒక పారాబాయిల్డ్ రైస్‌మిల్లుకు మేనేజర్‌ని. వారంలో ఒక్కో రోజును ఒక్కో రకం పనికి కేటాయించే పద్ధతిని రెండేళ్లకు పైగా పాటిస్తున్నాను. ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ 2011లో రెండు కంపెనీలు ఒకేసారి నడుపుతూ, సోమవారం మేనేజ్‌మెంట్, మంగళవారం ప్రోడక్ట్ అని రోజుకో అంశం పెట్టుకున్నానని చెప్పారు. ఈ పద్ధతికి అప్పటి నుంచే పేరొచ్చింది. ఆయన రోజులను అంశాన్ని బట్టి విడగొట్టుకున్నారు. మిల్లులో అది కుదరదు. బాయిలర్ సంగతి సోమవారమే చూస్తా, బియ్యం సంగతి మంగళవారమే చూస్తా అంటే మిల్లు నడవదు. అందుకే నేను పని తీరును బట్టి విడగొట్టాను. నలుగురితో మాట్లాడి తేల్చేవి సోమవారం, ఒక్కడినే కూర్చుని లెక్క తీయాల్సినవి మంగళవారం, బ్యాంకు, సివిల్ సప్లయిస్, గోదాం లాంటి బయటి తిరుగుళ్లు బుధవారం, కాగితాలూ రిటర్నులూ గురువారం. శనివారం ఎలాగూ కూలీల బట్వాడా ఉంటుంది. శుక్రవారానికి ఏ పేరూ పెట్టలేదు, కావాలనే ఖాళీగా ఉంచాను. వారంలో తన్నుకొచ్చిన పనంతా అక్కడికే చేరుతుంది.

వీటిలో మంగళవారం ఒక్కటి నిలబడితే చాలు, ఈ పద్ధతి పెట్టుకున్నందుకు ఫలితం దక్కినట్టే. అది ఎందుకో ఒక లెక్కతో చెప్తాను.

మిల్లులో అన్నింటికన్నా ముఖ్యమైన అంకె ఔటర్న్, అంటే వంద కిలోల వడ్లకు ఎన్ని కిలోల బియ్యం వచ్చాయన్నది. ప్రభుత్వం ఇచ్చే వడ్లకు బాయిల్డ్ బియ్యమైతే 68 శాతం, పచ్చి బియ్యమైతే 67 శాతం అప్పగించాలి. తక్కువ వస్తే మిల్లు చేతి నుంచి పూడ్చుకోవాల్సిందే. ఈ అంకెను సుమారుగా ఎవరైనా చెప్పగలరు. ఎందుకు తగ్గిందో చెప్పాలంటే మాత్రం మూడు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకోవాలి. వేబ్రిడ్జి పుస్తకంలో వడ్ల తూకం, షిఫ్టు లాగ్‌బుక్‌లో డ్రయ్యర్ వేడి, గోదాం పుస్తకంలో బియ్యం, తవుడు, నూక బస్తాలు ఉంటాయి. మూడింటి తేదీలూ ఒకదానికొకటి కలవవు. ఎందుకంటే ఈ రోజు నానబెట్టిన వడ్లు బియ్యమై బస్తాలోకి వెళ్లేసరికి షిఫ్టు మారిపోతుంది. ఏ కుప్ప వడ్లు ఏ బస్తాల్లోకి వెళ్లాయో మనసులో పట్టుకుని వరసగా దిగాలి. మధ్యలో ఒక ఫోన్ వస్తే మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. ఇదివరకు ఇది నెలాఖరులో అకౌంటెంట్ తీసే ఒక్క సగటు అంకెగానే ఉండేది.

మంగళవారాలు మొదలుపెట్టాక పగలు, రాత్రి షిఫ్టులు విడివిడిగా లెక్క తీశాను. ఒకే కుప్ప, ఒకే రకం వడ్లు. పగటి షిఫ్టులో వెయ్యి క్వింటాళ్లకు 680 క్వింటాళ్ల బియ్యం వస్తుంటే రాత్రి 666 దగ్గర ఆగిపోతోంది. తేడా పద్నాలుగు క్వింటాళ్లు. దీనికి కారణం తవుడు, నూక బస్తాల్లో కనిపిస్తుంది. తవుడు పెరిగి బియ్యం తగ్గితే పాలిష్ ఎక్కువైందని అర్థం. తవుడు అంతే ఉండి నూక పెరిగితే గింజ లోపలే పగులుతోందని అర్థం. అంటే ఆరబెట్టడంలోనే తేడా ఉంది. మా దగ్గర తవుడు సమానంగా ఉంది, నూక పెరిగింది. లాగ్‌బుక్ తిరగేస్తే రాత్రి డ్రయ్యర్ ఆపరేటర్ బ్యాచ్ త్వరగా దింపాలని ఆవిరి ఎక్కువ వదులుతున్నాడని తేలింది. ఉడికిన వడ్లను తొందరపెట్టి ఆరబెడితే పైన గట్టిపడి లోపల తేమ మిగులుతుంది. గింజకు సన్నగా పగుళ్లు వచ్చి, ఊక తీసే షెల్లర్ దగ్గర విరుగుతుంది. కంటికి ఆ వడ్లు మామూలుగానే కనిపిస్తాయి. వేడి తగ్గించి, ఒక విడత ఆరబెట్టాక కాసేపు కుప్పలో ఉంచి మళ్లీ ఆరబెట్టేటట్టు మార్చాం. కొన్ని వారాల్లో రెండు షిఫ్టుల అంకెలూ దగ్గరికొచ్చాయి.

ఇలాంటి లెక్కకు ఎవరూ కదిలించని మూడు గంటలైనా కావాలి. సోమవారం గంట, బుధవారం గంట, గురువారం గంట కలిపితే అవి మూడు గంటలు కావు. ఈ పద్ధతి మీద నాకు గురి కుదిరింది అక్కడే.

అయితే మంగళవారం తలుపు పూర్తిగా మూసేస్తానంటే మిల్లులో సాగదు. బ్రోకర్ల ఫోన్లు ఏ రోజూ ఆగవు. బియ్యం ధర రోజూ కదులుతుంది, రేపు మాట్లాడదాం అంటే లోడు ఇంకో మిల్లుకు పోతుంది. అందుకని ధరల మాటలకు రోజూ పదకొండు నుంచి పదకొండున్నర దాకా టైం పెట్టాను, మంగళవారం కూడా. బ్రోకర్లకు అది అలవాటైపోయింది. ఇంక అత్యవసరం అంటే ఏమిటో ముందే చెప్పి పెట్టాను: బాయిలర్ ఆగినా, ఎవరికైనా దెబ్బ తగిలినా, అధికారులు తనిఖీకి వచ్చినా, లోడైన లారీ కదలకుండా నిలబడినా పిలవాలి. మిగతావి బోర్డు మీద రాయాలి. మొదట్లో మా సూపర్‌వైజర్ తలుపు దగ్గరికి వచ్చి, "సార్, ఇయ్యాల మంగళారమని ఎరికే, గని ఒక్క మాట అడిగి పోత" అనేవాడు. ఆ ఒక్క మాట అరగంట తినేది. నాలుగు సంగతులు స్పష్టంగా చెప్పాక ఆ రాకపోకలు తగ్గాయి. అంతకుముందు "అర్జెంటైతేనే రండి" అన్నప్పుడు అన్నీ అర్జెంటే అయ్యేవి.

గురువారం సంగతి వేరు. కాగితాల పనిని ఒక రోజుకు కట్టడం సులువే అనిపిస్తుంది గానీ, గడువులు వారాన్ని చూడవు, తేదీని చూస్తాయి. 2025 జూన్ నెల తీసుకోండి. టీడీఎస్ కట్టడానికి గడువు 7, శనివారం. అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కు 11, బుధవారం. పీఎఫ్, ఈఎస్ఐలకు 15, ఆదివారం. నెల పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బీకి 20, శుక్రవారం. ఆ నెలలో గురువారాలు 5, 12, 19, 26. టీడీఎస్ 5న కట్టేయొచ్చు, పీఎఫ్ 12న అయిపోతుంది. చిక్కు జీఎస్టీఆర్-1 దగ్గర. 12 దాకా ఆగితే గడువు దాటుతుంది కాబట్టి 5నే వేయాలి. అలా వేయాలంటే మే నెల అమ్మకాల బిల్లులన్నీ 4వ తేదీ సాయంత్రానికి ఎక్కి, సరిచూసి ఉండాలి. మా ఆఫీసులో అవి 8, 9 తేదీల దాకా నానేవి. బిల్లులను ఏ రోజుకారోజు ఎక్కించే అలవాటు చేయకుండా గురువారం పద్ధతి నడవదని అప్పుడు తేలింది. 3బీని మాత్రం ముందుకు జరపడం కష్టం. మన కొనుగోళ్ల క్రెడిట్ చూపించే 2బీ 14వ తేదీకి గానీ తయారు కాదు. కాబట్టి ఆ నెలలో 12న కుదరదు, 19నే వేయాలి. గడువుకు ఒక్క రోజే మిగులుతుంది, ఆఖరి రోజుల్లో పోర్టల్ నెమ్మదిస్తుంది కూడా. ఇలాంటి నెలల్లో 3బీ వరకు గురువారాన్ని పక్కన పెట్టి, 16 లేదా 17న వేసేస్తాం. ప్రతి నెలా మొదటి తేదీన క్యాలెండర్ ముందు పెట్టుకుని ఏ గడువు ఏ గురువారానికి వస్తుందో రాసుకుంటాం. పది నిమిషాల పని, అది చేయని నెలలో కాగితాల రోజు పెట్టుకున్నా ఆలస్య రుసుము తప్పదు.

సోమవారంలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. మాటలన్నీ ఒకే రోజుకు చేరిస్తే సాయంత్రానికి బుర్ర పనిచేయదు. నాలుగు గంటల తర్వాత ఒప్పుకున్న సంగతులను బుధవారం మళ్లీ తిరగదోడాల్సి వచ్చేది, ముఖ్యంగా హమాలీల రేట్ల లాంటివి. ఇప్పుడు డబ్బు తెగాల్సిన మాటలు పొద్దున్నే పెడతాను, బాయిలర్, షిఫ్టుల సమాచారం మధ్యాహ్నానికి నెట్టాను. ఇంకో గుర్తు కూడా కనిపెట్టాను. బోర్డు మీద ఒకే సంగతి వరసగా మూడో సోమవారం కూడా కనిపిస్తే, దానికి కావాల్సింది ఇంకో మాట కాదు. ఎవరో ఒకరు కూర్చుని లెక్క తీయాలి. దాన్ని మంగళవారానికి మారుస్తాను.

ఇక సీజన్. సాగర్ ఎడమ కాల్వ కింద కోతలు మొదలై, హార్వెస్టర్ దిగిన పచ్చి వడ్లతో ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరే అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ పద్ధతి నిలబడదు. యాసంగి కోతలప్పుడు ఏప్రిల్లోనూ అంతే. తడి వడ్లు కుప్పలో వేడెక్కుతాయి, రైతు రాత్రంతా ట్రాక్టర్ మీదే పడుకుని ఉంటాడు. ఆ సమయంలో ఈ రోజు మంగళవారం, నేను లెక్కలు చూస్తున్నా అనడం తప్పు. నేనైతే అనను. సీజన్లో రోజుల పేర్లు తీసేసి, పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు రెండు గంటలు మాత్రం లెక్కలకు ఉంచుకుంటాను. అప్పుడు మూడు రిజిస్టర్లూ కలపడం జరగదు, తేమ, తూకం, నూక మాత్రం చూస్తాను.

సీజన్లో దొరికే పూర్తి రోజు అమావాస్య ఒక్కటే. ఆ రోజు మా హమాలీలు పనిలోకి రారు, లోడింగు ఉండదు, లారీలవాళ్లు బయల్దేరడానికి ఇష్టపడరు. వారంలో ఏ రోజు పడినా దాన్ని మంగళవారంగానే వాడుకుంటాను. మా యజమాని మొదట ఈ రోజుల పద్ధతి ఆఫీసు ఉద్యోగాలకు పనికొస్తుందేమో గానీ మిల్లుకు కాదన్నారు. షిఫ్టుల లెక్క చూశాక మంగళవారం పూట ఆయన కూడా ఫోన్ పదకొండుకే చేస్తున్నారు.

మీ మిల్లులోనో గోదాములోనో మేనేజరు, గుమాస్తా ఇద్దరే ఉంటే రోజులన్నీ విడగొట్టే ప్రయత్నం చేయకండి, తలుపు దగ్గర నిలబడి చూసుకునే మూడో మనిషి లేకుండా మంగళవారం నిలవదు. ఒక్క పూటతో మొదలుపెట్టండి. అది కూడా సీజన్ అయిపోయి, గోదాం లెక్క తేల్చాల్సిన జనవరిలోనో జూన్ చివర్లోనో పెట్టుకోండి.