నిఘంటువు పేజీ ఫొటోను టైపు చేయడం: స్ప్రెడ్‌షీటా, గుర్తుల పాఠమా?

నిఘంటువులో ఒక పదం, దాని వివరాలు కలిపి ఒక ఆరోపం. ఒకటి చూద్దాం: అంకము, వి., 1. ఒడి 2. గుర్తు 3. నాటకంలో భాగం.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో అర్థానికి ఒక్కో వరుస పెట్టాలి. అంటే ‘అంకము’, ‘వి.’ మూడుసార్లు రాయాలి. ఒక్క గడి ఖాళీ వదిలి అకారాది క్రమంలో పేర్చారా, ఆ అర్థం తన పదాన్ని పోగొట్టుకుంటుంది. అందుకే ముందే వరుస సంఖ్యల నిలువు ఒకటి పెట్టుకోవాలి. ‘1-2’ అని టైపు చేస్తే తేదీగా మారిపోతుంది కూడా. లాభమేమిటంటే నేర్చుకోవడానికి ఏమీ ఉండదు, వడపోత సులభం.

గుర్తుల పాఠంలో ప్రతి వరుసా ఒక గుర్తుతో మొదలవుతుంది: `\lx` అంటే పదం, `\ps` భాషాభాగం, `\sn` అర్థం సంఖ్య, `\dv` అర్థం. ఇందులో పదం ఒక్కసారే వస్తుంది:

```
\lx అంకము
\ps వి.
\sn 1
\dv ఒడి
\sn 2
\dv గుర్తు
\sn 3
\dv నాటకంలో భాగం
```

`\ps` మరిచిపోతే చూడగానే కనబడదు; `\lx`, `\ps` లెక్కలు పోల్చాలి. `\ps` తక్కువైతే ఎక్కడో తప్పిపోయినట్టే.

రెండింటిలోనూ ‘వి.’, ‘విణ.’ తేడా ఫొటోను పెద్దది చేసి చూడాల్సిందే. మొదటిది విశేష్యం, రెండోది విశేషణం. ఎడమ నిలువు చివర తెగిన అర్థం కుడి నిలువు మొదట్లో కొనసాగుతుంది, దాన్ని కొత్త ఆరోపం అనుకోకూడదు.

నాలుగైదు పేజీలు, ఆరోపానికి ఒకటి రెండు అర్థాలే ఉంటే స్ప్రెడ్‌షీట్ చాలు. అర్థాల కింద ఉదాహరణలు, ఉపార్థాలు ఉంటే గుర్తుల పాఠమే.