గుచ్చుకునే ‘స’కారానికి ఏది మేలు: వైడ్‌బ్యాండా, స్ప్లిట్‌బ్యాండా?

నేరేషన్‌లో ‘స’ చెవిని గుచ్చుతుంటే దాన్ని తగ్గించే డీ-ఎస్సర్ పెడతాం. చాలా ప్లగిన్‌లలో అది రెండు రకాలుగా పనిచేస్తుంది. వైడ్‌బ్యాండ్‌లో అయితే ‘స’ వచ్చిన ఆ కాసేపు మొత్తం గొంతు వాల్యూమ్ తగ్గుతుంది. స్ప్లిట్‌బ్యాండ్‌లో అయితే మనం పెట్టిన హద్దుకు పైనున్న ఫ్రీక్వెన్సీలే తగ్గుతాయి. చదివితే రెండోదే తెలివైన పద్ధతి అనిపిస్తుంది. కానీ వెనక సంగీతం లేని గొంతుకు నేను ముందు వైడ్‌బ్యాండే పెట్టి చూస్తాను.

కారణం ‘స’ పుట్టే తీరులోనే ఉంది. అది పలికేటప్పుడు స్వరతంత్రులు కంపించవు, వినపడేదంతా గాలి రాపిడే. కింది ఫ్రీక్వెన్సీలలో కాపాడుకోవలసింది పెద్దగా ఉండదు కాబట్టి మొత్తాన్ని తగ్గించినా నష్టం లేదు. ‘స’ గుణం మారకుండా చిన్నదవుతుంది, అంతే. పై భాగాన్నే కోస్తే దాని ఆకారం మారుతుంది. ఎక్కువగా కోస్తే నాలుక పళ్ల మధ్య ఇరుక్కున్నట్టు, ‘థ’కు దగ్గరగా వినిపిస్తుంది.

“సరస్సు ఒడ్డున సన్నటి శబ్దం” అనే వాక్యం తీసుకుందాం. డీ-ఎస్సర్‌లో అది పట్టుకునే భాగాన్ని మాత్రమే వినిపించే Listen నొక్కి, ఫ్రీక్వెన్సీని 4 నుంచి 9 కిలోహెర్ట్జ్ దాకా నెమ్మదిగా జరపండి. ‘స’ బాగా గీరుకునే చోట ఆపండి, ఈ గొంతుకు అది 6.5 అనుకుందాం. ఇప్పుడు ‘స’ దగ్గర, ఎంత తగ్గుతోందో చూపే మీటర్ 4 నుంచి 6 డీబీ దాకా కదిలేలా థ్రెషోల్డ్‌ను, అంటే తగ్గించడం మొదలయ్యే స్థాయిని దించండి. ‘ఒడ్డున’ దగ్గర కూడా కదిలిందంటే మరీ దించేశారన్నమాట.

వైడ్‌బ్యాండ్‌కు అసలు ప్రమాదం రిలీజ్‌లో, అంటే తగ్గిన వాల్యూమ్ మళ్లీ పైకి రావడానికి పట్టే సమయంలో ఉంది. అది నిదానంగా ఉంటే ‘స’ అయిపోయాక కూడా వాల్యూమ్ కిందే ఉండి, ‘సన్నటి’లో ‘స’ వెంట వచ్చే అచ్చు మొదలు మింగేసినట్టు అవుతుంది. 30-50 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, ఆ అచ్చు నిండుగా వినపడేదాకా సరిచేయండి. 8 డీబీకి మించి తగ్గించాల్సి వస్తే మాటల మధ్య గుంటలు పడ్డట్టు ఉంటుంది. అప్పుడు మైక్‌ను కాస్త పక్కకు తిప్పి మళ్లీ రికార్డ్ చేయడమే నయం.

ఈ వాక్యంలో ‘శబ్దం’ కూడా ఉంది. ‘శ’ బలం ‘స’ కన్నా కింద, దాదాపు 3 కిలోహెర్ట్జ్ నుంచే మొదలవుతుంది. హద్దు 6.5 దగ్గర పెట్టిన స్ప్లిట్‌బ్యాండ్ దాని పైభాగాన్నే ముడుతుంది, అసలు బలం అలాగే మిగులుతుంది. వైడ్‌బ్యాండ్ మాత్రం పసిగడితే మొత్తం శకారాన్నీ తగ్గిస్తుంది.

స్ప్లిట్‌బ్యాండ్ గెలిచేది గొంతూ సంగీతమూ ఒకే ఫైల్‌లో కలిసిపోయి మన చేతికి వచ్చినప్పుడు. అక్కడ వైడ్‌బ్యాండ్ పెడితే ప్రతి ‘స’కూ వెనకున్న తంబురా కూడా కుంగుతుంది. స్ప్లిట్‌బ్యాండ్‌తో ఆ శ్రుతి అడుగుభాగమైనా నిలకడగా ఉంటుంది.