రాజీనామా, రిట్రెంచ్‌మెంట్, డిస్మిస్: సంతకం పెట్టే ముందు ఏది మేలు?

నేను ఒంగోలులో కార్మికుల కేసులు చూస్తాను. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల నుంచి, నెల్లూరు వైపు రొయ్యల ప్లాంట్ల నుంచి వచ్చేవాళ్లు కొంతకాలంగా ఒకే మాట అడుగుతున్నారు. "ఆర్డర్లు లేవంటున్నారండీ. రాజీనామా రాసిస్తే మర్యాదగా పంపుతారట, లేకపోతే డిస్మిస్ చేస్తారట. ఏది మేలు?"

ఆ ప్రశ్నలోనే ఒక దారి కనపడకుండా పోయింది. పని లేక మనిషిని తీసేస్తే చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటుంది. యజమాని ఆ పేరు ఎత్తడు, ఎందుకంటే డబ్బు ఇవ్వాల్సింది అక్కడే.

ఈ మధ్య చీమకుర్తిలో పాలిషింగ్ పని చేసే ఒకాయన ఒక కాగితం తెచ్చి చూపించారు. ఇంగ్లీషులో టైపు చేసిన అర పేజీ. వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగం మానేస్తున్నానని, యాజమాన్యం నుంచి తనకు రావాల్సింది ఏమీ లేదని అందులో ఉంది. తేదీ ఉండాల్సిన చోటు ఖాళీ. పేరు మాత్రం పెన్నుతో నింపారు. ఆయనకు తెలుగు తప్ప చదవడం రాదు. అదే షిఫ్టులో మరో నలుగురికి కూడా కాగితాలు ఇచ్చారు. పేర్లు తీసేస్తే అయిదూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

ఆయన సర్వీసు ఏడేళ్ల ఎనిమిది నెలలు. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 18,000 రూపాయలు. ఆ సంతకం ఖరీదు ఎంతో ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

రిట్రెంచ్‌మెంట్ అయితే కారణం చూపుతూ నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదా బదులుగా నెల జీతం ఇవ్వాలి. అది 18,000. దానిపైన నష్టపరిహారం: పూర్తయిన ప్రతి ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం. చివర మిగిలిన నెలలు ఆరు దాటితే వాటినీ ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి ఈయనకు ఎనిమిదేళ్లు. నెల జీతగాడికి పదిహేను రోజులంటే సగం నెల జీతమని ఈ పరిహారం విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక 9,000 చొప్పున ఎనిమిదేళ్లకు 72,000. గ్రాట్యుటీ లెక్క వేరు, అక్కడ నెలను 26 రోజులుగా భాగిస్తారు. 18,000ను 26తో భాగించి, 15తో, మళ్లీ 8తో గుణిస్తే దాదాపు 83,077.

రాజీనామా ఇచ్చినా ఆ గ్రాట్యుటీ వస్తుంది, అయిదేళ్లు నిండాయి కదా. పీఎఫ్, పని చేసిన రోజుల జీతం, మిగిలిన సెలవుల డబ్బు కూడా ఎటూ పోవు. పోయేది నోటీసు జీతం, పరిహారం. అంటే 90,000 రూపాయలు. "గ్రాట్యుటీ ఇస్తాం, సంతకం పెట్టు" అని ఎవరైనా అంటే మీ సొమ్మునే మీకు ఎర చూపిస్తున్నారని అర్థం.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల పరిహారం అలాగే ఉన్నాయి. మూడు వందల మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో మాత్రం ముందుగా ప్రభుత్వ అనుమతి, మూడు నెలల నోటీసు కావాలి. పరిహారం తొలగించేటప్పుడే చేతికి రావాలి, వచ్చే నెల చూద్దామంటే ఆ తొలగింపే చెల్లదు. అదే తరహా పనిలో చివర చేరినవారిని ముందు తీయడం సాధారణ నియమం. కొత్తవాళ్లను ఉంచుకుని ఏడేళ్ల వాడి చేతిలో కాగితం పెడితే ఎందుకని అడగాల్సిందే.

ఈ హక్కు రావాలంటే పన్నెండు నెలల్లో 240 రోజుల పని ఉండాలి. ఇక్కడే చాలామంది తమకు తామే తక్కువ లెక్క వేసుకుంటారు. జీతంతో కూడిన వారపు సెలవులు, పండుగ సెలవులు కూడా ఆ 240లో కలుస్తాయి. హాజరు కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పీఎఫ్ ఖాతా వివరాలు ఇంట్లో దాచుకోండి. మేనేజర్లకు, నెలకు 18,000 దాటిన సూపర్‌వైజర్లకు ఈ చట్టపు రక్షణ లేదు. వాళ్లు ముందుగా నియామక పత్రంలోని షరతులు చూసుకోవాలి.

ఇక డిస్మిస్ భయం. దుష్ప్రవర్తన రుజువై తొలగిస్తే నోటీసూ ఉండదు, పరిహారమూ ఉండదు. నిజమే. కానీ అది నోటిమాటతో అయ్యే పని కాదు. ఏ తప్పు, ఏ రోజున చేశారో రాసి చార్జిషీటు ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి, సాక్షులను ప్రశ్నించే అవకాశం మీకు ఇవ్వాలి. మూడు వందల మంది, అంతకు మించి కార్మికులున్న చోట విచారణ పూర్తయ్యేదాకా సస్పెండు చేస్తే కొత్త కోడ్ ప్రకారం మొదటి 90 రోజులు సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలి. డిస్మిస్ అయినంత మాత్రాన గ్రాట్యుటీ దానంతట అది పోదు. ఆస్తినష్టం, హింస, నీతిబాహ్యమైన నేరం లాంటి కారణాలతో తీసేసినప్పుడే దాన్ని ఆపగలరు. ఆర్డర్లు తగ్గడం కార్మికుడి తప్పు కాదు, దానికి చార్జిషీటు రాయలేరు. అందుకే నిన్నటిదాకా ఆర్డర్లు లేవన్న మనిషి ఇవాళ డిస్మిస్ అంటే నేను దాన్ని బెదిరింపుగానే చూస్తాను.

రాజీనామా మేలైన సందర్భాలూ ఉన్నాయి. చేతిలో వేరే ఉద్యోగం ఉంటే నియామక పత్రంలో ఉన్న నోటీసు ఇచ్చి వెళ్లడమే శుభ్రం. దొంగతనం లాంటిది నిజంగా జరిగి, విచారణలో రుజువయ్యేలా ఉంటే, డిస్మిస్ మచ్చ కంటే యజమాని ఒప్పుకున్న రాజీనామానే నయం. ఈ రెండూ కాకపోతే మాత్రం రాయవద్దంటాను.

గడువు ముగిసిన ఒప్పంద ఉద్యోగం రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. స్వచ్ఛంద విరమణ పథకమైతే ఇస్తామన్న మొత్తం పై లెక్క కంటే ఎక్కువో కాదో చూసుకోండి, అంతే.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు ఆలస్యం చేయకూడదు. రాజీనామా ఇంకా అమల్లోకి రాకముందే వెనక్కి తీసుకుంటున్నానని స్పీడ్ పోస్టులో పంపాలి. బలవంతంగా రాయించుకుంటే ఎవరు, ఏ గదిలో, ఎవరి ముందు రాయించుకున్నారో అందులోనే రాసి, నకలు కార్మిక శాఖ కార్యాలయానికి ఇవ్వాలి. వివాదం లేవనెత్తడానికి కొత్త కోడ్‌లో రెండేళ్ల గడువు ఉంది. అయితే ఆరు నెలలు ఊరుకుని తర్వాత బలవంతం చేశారంటే నమ్మించడం కష్టం.

చీమకుర్తి ఆయన సంతకం పెట్టలేదు. ఆ కాగితానికి ఫోనులో ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేశారు. మర్నాడు తెలుగులో తన చేతిరాతతోనే యాజమాన్యానికి ఉత్తరం రాశారు: "నేను రాజీనామా చేయడం లేదు. రోజూ పనికి వస్తున్నాను. పని లేదని తీసేయదలిస్తే చట్టప్రకారం నోటీసు, పరిహారం ఇవ్వండి." పోస్టాఫీసు రసీదును నియామక పత్రం వెనక పిన్ను చేసి పెట్టుకున్నారు.