హనుమకొండలో రెండేళ్లుగా దిగుతున్న హోటల్: గది ఎటువైపు ఉందో చూసుకోండి

ఉద్యోగరీత్యా నెలకు రెండు రాత్రులు హనుమకొండలో గడపవలసి రావడంతో, బస్టాండుకు నడక దూరంలో ఉన్న ఒక మధ్యరకం హోటల్లోనే రెండేళ్లుగా దిగుతున్నాను. ఇంతకాలంలో ఏడు గదులు మారాను కనుక, ఒకే అద్దెకు ఇచ్చే గదుల్లో ఒకటి నిద్రనిస్తే మరొకటి ఎలా చెడగొడుతుందో చెప్పగలను.

రోడ్డు వైపు గదుల్లో రాత్రి పదకొండు దాటాక కొంత సద్దుమణుగుతుంది గానీ, తెల్లవారుజామున అయిదు కాకముందే బస్సుల హారన్లు మొదలవుతాయి. ఆ బాధ పడలేక ఒకసారి వెనుక వైపు గది అడిగి తీసుకున్నాను. అది మాఘమాసమని, కింది అంతస్తులో ఫంక్షన్ హాల్ ఉందని అప్పుడు తోచలేదు. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడరాదన్న నిబంధన ఉన్నా, బరాత్ డీజే పదకొండున్నర దాకా ఆగలేదు; అది ఆగాక కరెంటు పోయి, సరిగ్గా నా కిటికీ కిందనే జనరేటర్ మొదలైంది. రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే, అక్కడి అబ్బాయి విసుక్కోకుండా పైకి వచ్చి, కిటికీ దగ్గర తానే ఒక నిమిషం నిలబడి విని, మూడో అంతస్తులో పక్క సందు వైపు ఉన్న గదికి నా బ్యాగు తానే మోసుకెళ్లాడు. అదనంగా పైసా అడగలేదు. అప్పటినుంచి ఆ వైపు గదే అడుగుతున్నాను. బుక్ చేసే ముందు ఆ రోజు హాల్లో పెళ్లి ఉందా అని కూడా అడుగుతాను. ఉంటే ఉందనే చెబుతారు. పగటి మేనేజర్ మాత్రం ముభావి. బిల్లు రెండుసార్లు అడిగితే గాని ఇవ్వడు.

శుభ్రతకు వంక పెట్టవలసినంత లేదు. దుప్పట్లు ఉతికినవే వేస్తారు. అయినా బ్యాగు మంచంమీద పెట్టకముందే పరుపు మూల ఎత్తి, కుట్టు వెంబడి చూడడం నాకు అలవాటు. అక్కడ నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులున్నట్టే. ఇక్కడ ఎన్నడూ కనిపించలేదు. కొన్నాళ్లు ఎవరూ దిగని గదిలో బాత్రూం వాసన వస్తే, నేలమీది జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోసి పావుగంట ఆగండి. లోపలి వంపులో నిలవ ఉండే నీరు ఎండిపోవడం వల్లే ఆ వాసన పైకి వచ్చి ఉంటే, దానితో పోతుంది. పోకపోతే గది మార్చమనండి.

చోటు విషయంలో చెప్పవలసింది ఒకటే. రైల్లో వచ్చేవారు తమ బండి కాజీపేటలో ఆగుతుందా, వరంగల్‌లోనా అన్నది ముందే చూసుకోవాలి, ఎందుకంటే రెండూ హనుమకొండకు చెరో వైపున ఉన్నాయి. వేయిస్తంభాల గుడికి ఇక్కడినుంచి నడిచే వెళ్లవచ్చు. రామప్పకు పోయేవారికి ములుగు వైపు బస్సులు ఈ బస్టాండులోనే దొరుకుతాయి. వచ్చే నెలకు కూడా ఆ సందు వైపు గదే చెప్పిపెట్టాను.