ఆపరేషన్ తర్వాత పేగు కదలకపోతే: ముక్కు గొట్టమా, ఎదురుచూపా, తిండి పెట్టడమా?

పొట్ట లోపల పెద్ద ఆపరేషన్ జరిగాక పేగులు కొంతకాలం పని ఆపేయడం మామూలే. అయితే అన్నీ ఒకేసారి ఆగి ఒకేసారి లేవవు. చిన్నపేగు 24 గంటల్లోపే కదలడం మొదలుపెడుతుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకి రెండు మూడు రోజులు పడుతుంది. నాలుగో రోజు వచ్చినా వాంతులు, ఉబ్బరం తగ్గక, తిండి సయించక, గ్యాస్ కూడా పోకపోతే దాన్ని మామూలు విరామం అనుకోలేం. పేగు స్తంభించిపోయే ఈ స్థితి, అంటే పారాలిటిక్ ఇలియస్, ముదిరిందని చెప్పేది అప్పుడే. ఆ స్థితిలో రోగి మంచం పక్కన మూడు వాదనలు వినిపిస్తాయి: పేగు చప్పుడు వినిపించేదాకా నోటికి ఏమీ ఇవ్వొద్దని ఒకటి, ముక్కులోంచి గొట్టం వేసెయ్యమని ఇంకొకటి, కొద్దికొద్దిగా తినిపిస్తే పేగే లేస్తుందని మరొకటి. మూడింటిలోనూ నిజం ఉంది. కానీ ఒక్కొక్కటి ఒక్కో దశకే సరిపోతుంది.

ముందు పేగు ఎందుకు ఆగుతుందో చూస్తే ఎంపిక సులభమవుతుంది. ఇది రెండు విడతల్లో జరుగుతుంది. మొదటిది నరాల పని. పొట్ట కోసి, లోపలి పొరను లాగినప్పుడు వెన్నుపాము మీదుగా సింపథెటిక్ నరాలు పేగుకి బ్రేకు వేస్తాయి. దీని ప్రభావం గంటల్లో తగ్గుతుంది. రెండోది అంతకంటే మొండిది. చేత్తో పట్టుకుని కదిపిన పేగు కండరం పొరలో ఉండే రక్షణ కణాలు మేల్కొంటాయి. కొన్ని గంటల తర్వాత అక్కడ వాపు మొదలవుతుంది. ఆ కణాలు వదిలే నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాగ్లాండిన్లు కండరాన్ని నీరసపరుస్తాయి. వాపు ఒక చోటే ఉన్నా, అక్కడినుంచి వెళ్ళే నరాల సంకేతాల వల్ల చెయ్యి తగలని పేగు కూడా మందగిస్తుంది. ఈ విడత రోజుల తరబడి సాగుతుంది. చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీలో పేగును తాకడం తక్కువ కాబట్టి అక్కడ ఈ బాధ కూడా తక్కువ.

వీటి మీద మనం వేసే బరువులు మూడు. మార్ఫిన్ లాంటి నొప్పి మందులు పేగు గోడలోని నరాల మీద నేరుగా పనిచేస్తాయి. అప్పుడు పేగు అక్కడక్కడ బిగుసుకుంటుంది గానీ ముందుకు తోయదు. సెలైన్ ఎక్కువైతే పేగు గోడే నీరు పట్టి బరువెక్కుతుంది. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గితే కండరం ముడుచుకునే శక్తి పోతుంది.

ఇక ఉబ్బరం. రోజుకు దాదాపు ఏడెనిమిది లీటర్ల లాలాజలం, జీర్ణరసాలు, పైత్యం పేగులోకి వస్తాయి. మామూలుగా అందులో దాదాపు అంతా తిరిగి ఇంకిపోతుంది. పేగు ఆగితే ఆ ద్రవం, దానితోపాటు మింగిన గాలి అక్కడే నిలిచిపోతాయి. సాగిన జీర్ణాశయం, పేగు నుంచి వేగస్ నరం మెదడుకు పంపే సంకేతమే వికారం. ఆకలి చచ్చిపోవడం కూడా దాని పర్యవసానమే. అందుకే బలవంతంగా తినిపించడం ఆకలిని తిరిగి తేలేదు.

మొదటి తూకం: చప్పుడు కోసం ఆగడమా, తిండి మొదలుపెట్టడమా? దశాబ్దాల పాటు స్టెతస్కోపు పెట్టి గరగరలు వినిపించాకే నీళ్ళు ఇచ్చేవారు. ఆ పద్ధతికి ఉన్న లోపం చప్పుడులోనే ఉంది. చిన్నపేగు కదిలితే చాలు, పెద్దపేగు ఇంకా నిద్రలో ఉన్నా చప్పుడు వినిపిస్తుంది. ముందుకు తోయలేని ఒట్టి ముడుచుకోవడం కూడా చప్పుడు చేస్తుంది. ఒకే పొట్టను విన్న ఇద్దరు డాక్టర్లు ఒకే మాట చెప్పరు. పేగు అడ్డంగా మూసుకుపోయినప్పుడు చప్పుళ్ళు మొదట పెరుగుతాయి కూడా. గ్యాస్ పోవడం కాస్త మెరుగైన గుర్తు. మలవిసర్జన అయి, తిన్నది నిలిచిందంటే అదే గట్టి గుర్తు.

తొందరగా తిండి ఇవ్వడం వల్ల పేగు కుట్టు విడిపోతుందన్న భయం నిజం కాలేదు. కుట్టు మీదుగా రోజూ లీటర్ల కొద్దీ సొంత రసాలు పోతూనే ఉంటాయి. వాటికి ఓ గ్లాసు నీళ్ళు తోడైతే కుట్టుకి పోయేదేమీ లేదు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ 1990ల్లో మొదలుపెట్టిన వేగవంతమైన కోలుకునే పద్ధతిలో మొదటి రోజే నీళ్ళు, ఆ తర్వాత మెత్తటి ఆహారం ఇచ్చి, మంచం దించి నడిపించేవారు. వాంతులు లేని రోగికి మా ఓటు ఈ దారికే. రెండు షరతులు మాత్రం ఉన్నాయి: రోగికి వద్దనిపిస్తే బలవంతం చేయకూడదు, పొట్ట బిగువు పెరుగుతుంటే ఆపాలి. చూయింగ్ గమ్ నమిలితే పేగు కొంత త్వరగా లేస్తుందని అధ్యయనాలు చూపాయి. తొందరగా తిండి అందుతున్నవాళ్ళలో ఆ తేడా చాలా చిన్నది. ఖర్చు లేనిది, హాని లేనిది గనుక వద్దనక్కర్లేదు, దాని మీద ఆశలూ పెట్టుకోనక్కర్లేదు.

రెండో తూకం: గొట్టం అందరికా, కొందరికా? ముందుజాగ్రత్తగా ప్రతి రోగికీ ముక్కు గొట్టం వేసే ఆచారం ఉండేది. దానిమీద జరిగిన ట్రయల్స్‌ను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో గొట్టం లేనివాళ్ళకే పేగు ముందుగా కదిలింది, ఊపిరితిత్తుల ఇబ్బందులూ తక్కువగా ఉన్నాయి. గొట్టం గొంతులో ఉంటే దగ్గి కఫం తీయడం కష్టం. అది జీర్ణాశయం నోటిని తెరిచి ఉంచడం వల్ల ఆమ్లం కూడా పైకొస్తుంది. కాబట్టి అందరికీ వేయడం తప్పు. కానీ ఒకసారి పచ్చటి వాంతి మొదలయ్యాక లెక్క తారుమారవుతుంది. జీర్ణాశయంలో లీటరుకు పైగా ద్రవం నిలిచి, నిద్రలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇలియస్ కంటే పెద్ద ప్రమాదం. ఇక్కడ గొట్టం వేయకుండా ఎదురుచూడడమే ప్రమాదకరం.

ఒక ఉదాహరణ చూద్దాం. అరవై ఏళ్ళ మనిషి, 70 కిలోల బరువు. కుడివైపు పెద్దపేగు తీశారు, ఇది మూడో రోజు. మార్ఫిన్ పంపు నడుస్తోంది. పొద్దుటినుంచి రెండు సార్లు పచ్చ వాంతి, పొట్ట బిగుసుకుంది, గ్యాస్ పోలేదు, పొటాషియం లీటరుకు 3.1 మిల్లీమోల్స్. 16 ఫ్రెంచి సైజు గొట్టాన్ని ముక్కు నుంచి చెవి తమ్మెదాకా, అక్కడినుంచి రొమ్ము ఎముక కొనదాకా కొలిచి, అంత లోపలికి పంపుతారు. బయటకు తీసిన ద్రవం పీహెచ్ 5.5 లేదా తక్కువ ఉంటే గొట్టం జీర్ణాశయంలోనే ఉన్నట్టు. పీహెచ్ అంతకంటే ఎక్కువ వస్తే ఎక్స్‌రేతో ఖాయం చేయాలి. గొట్టాన్ని సంచీకి వదిలేయాలి. మొదటి గంటలోనే 1,200 మి.లీ. వచ్చిందనుకుందాం. వికారం వెంటనే తేలికవుతుంది, అదే గొట్టం సరైన నిర్ణయమని చెప్పే రుజువు.

ఇప్పుడు లెక్క. నోటికి ఏమీ ఇవ్వని మనిషికి రోజుకు కిలోకు 25 నుంచి 30 మి.లీ., అంటే దాదాపు రెండు లీటర్లు కావాలి. గొట్టంలోంచి పోయినంత దానికి అదనంగా, పొటాషియం కలిపిన సెలైన్‌తో నింపాలి. పొటాషియాన్ని 4కి పైన ఉంచడం లక్ష్యం. చేతి సిర ద్వారా గంటకు 10 మిల్లీమోల్స్‌కు మించకుండా ఇవ్వడం సురక్షితం. మెగ్నీషియం తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే ఎక్కించిన పొటాషియం మూత్రంలోనే పోతుంది. మార్ఫిన్ తగ్గించి, ఆరు గంటలకోసారి గ్రాము పారాసిటమాల్ వేయాలి. వీపు పైభాగంలో వెన్నుపాము పొర బయట మందు ఎక్కించే ఎపిడ్యూరల్ గొట్టం ముందే ఉంటే స్థానిక మత్తుమందుతో నొప్పీ తగ్గుతుంది, నరాల బ్రేకూ సడలుతుంది. అయితే బీపీ పడిపోకుండా చూసుకోవాలి.

గొట్టం ద్రవం మొదటి 24 గంటల్లో మొత్తం 1,800, రెండో రోజు 900, మూడో రోజు 300 మి.లీ.కి దిగిందంటే తీసే వేళ వచ్చినట్టే. గొట్టాన్ని నాలుగు గంటలు మూసి చూస్తారు. వికారం రాకుండా, తెరిచినప్పుడు కొద్దిగానే వస్తే తీసేస్తారు. తర్వాత గుటకల కొద్దీ నీళ్ళు. ఏడు రోజులయ్యాక కూడా నోటి ద్వారా తగినంత ఆహారం వెళ్ళే సూచన లేకపోతే పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ ద్వారా పోషకాహారం ఇచ్చే ఆలోచన చేయాలి.

పేగును తోసే మందులేవైనా ఉన్నాయా అంటే, ఉన్నాయి గానీ నిరాశే ఎక్కువ. మెటోక్లోప్రమైడ్ వికారానికి పనికొస్తుంది, ఇలియస్ కాలాన్ని మాత్రం తగ్గించదు. ఎరిత్రోమైసిన్‌దీ అదే కథ. అల్విమోపాన్ అనే మాత్ర మెదడులోకి పోకుండా పేగులో మార్ఫిన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. అయితే దాన్ని ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టాలి, ఆసుపత్రిలో గరిష్ఠంగా 15 డోసులే ఇవ్వాలి. ఆగిపోయిన పేగును లేపే మందుగా దాన్ని చూడొద్దు. వాపు తగ్గేదాకా తోసేకంటే మార్ఫిన్, పొటాషియం లోపం, అధిక సెలైన్ లాంటి అడ్డంకులు తీసేయడమే ఎక్కువ పనిచేస్తుంది.

ఇవన్నీ పేగు కేవలం నీరసించి ఆగిందనే ఊహ మీద నడిచాయి. ఆ ఊహ తప్పు కావడానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, పేగు మెలిపడి లేదా అతుక్కుని మూసుకుపోవడం: అప్పుడు నొప్పి అలలుగా వస్తుంది, ఎక్స్‌రేలో అడ్డు పైన చిన్నపేగు మూడు సెం.మీ. కంటే వెడల్పుగా ఉబ్బి, కింద పెద్దపేగు ముడుచుకుని కనిపిస్తుంది. ఇలియస్‌లో అయితే గాలి చిన్నపేగులోనూ పెద్దపేగులోనూ పరుచుకుని ఉంటుంది. రెండోది, కుట్టు కారడం. ఇక్కడ పేగు ఆగడమే మొదటి గుర్తు కావచ్చు, జ్వరం తర్వాత రావచ్చు. నాడి నిమిషానికి వంద దాటి తగ్గకపోవడం, మూడో రోజు దాటాక కూడా రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ లీటరుకు 150 మి.గ్రా.కు పైనే ఉండటం, లేదా తగ్గుతూ తిరిగి పెరగడం కనిపిస్తే గొట్టం పెట్టి ఊరుకోకుండా అదే రోజు కాంట్రాస్ట్ సీటీ తీయించాలి. బాగా కోలుకుని తిన్నవాడు అయిదో రోజు మళ్ళీ ఉబ్బి వాంతి చేసుకుంటే కూడా అదే నియమం. ఎందుకంటే లేచిన పేగు మళ్ళీ ఆగిందంటే దానికి లోపల వేరే కారణం ఉండే అవకాశమే ఎక్కువ.