పీఎల్‌సీ కంప్యూటర్‌లోనా, బల్లమీదనా: వర్చువల్ కమిషనింగ్‌లో రెండు మార్గాలు

యంత్రం తయారుకాకముందే దాని కంట్రోల్ లాజిక్‌ను సిమ్యులేషన్ నమూనాపై పరీక్షించేటప్పుడు ఆ లాజిక్‌ను నడిపే పారిశ్రామిక కంట్రోలర్ అయిన పీఎల్‌సీని కూడా కంప్యూటర్‌లోనే నడపవచ్చు, లేదా అసలు పీఎల్‌సీని యంత్ర పరికరాలను కంట్రోలర్‌తో కలిపే నెట్‌వర్క్ అయిన ఫీల్డ్‌బస్ ద్వారా నమూనాకు కలపవచ్చు.

మొదటి మార్గంలో PLCSIM Advanced వంటి ఎమ్యులేటర్ సమయాన్ని ఆపి, కొద్దికొద్దిగా ముందుకు జరిపి చూడనిస్తుంది కనుక, తప్పు సమయంలో కదలికను అడ్డుకునే ఇంటర్‌లాకులనూ, సీక్వెన్స్ దశలనూ, సెన్సర్ చెడినప్పుడు రావలసిన అలారాలనూ ఇక్కడే తేల్చుకోవడం మేలని నా అభిప్రాయం.

సమయమే ప్రశ్న అయినచోట ఇది చాలదు. సెకనుకు 1 మీటరు వేగంతో కదిలే కన్వేయర్‌పై సెన్సర్ గుర్తించిన పెట్టెను సిలిండర్ పక్కకు నెట్టాలనుకుందాం. అప్పుడు 1 మిల్లీసెకను ఆలస్యమంటే పెట్టె 1 మిల్లీమీటరు ముందుకు పోయినట్టే. ఫీల్డ్‌బస్ డేటా అప్‌డేట్‌కు 4, పీఎల్‌సీ తన ప్రోగ్రామును ఒకసారి నడిపే స్కాన్‌కు 10 మిల్లీసెకన్లు పడితే, సంకేతం ప్రోగ్రాముకు అందేలోపే నెట్టే స్థానంలో సుమారు 14 మిల్లీమీటర్ల వరకు తేడా రావచ్చు. నమూనాతో అడుగడుగునా జతకలిసి నడిచే ఎమ్యులేటర్‌లో ఈ తేడా కనబడదు. అసలు పీఎల్‌సీతో వరుసగా అనేక పెట్టెలు పంపి, నెట్టిన స్థానాలను నమోదుచేస్తే చెదురు స్పష్టమవుతుంది. అయితే నమూనా లెక్క బస్ చక్రం కన్నా ముందే పూర్తికావాలి, లేకపోతే ఆ చెదురు నమూనాదే అవుతుంది.

గాలి పీడనం తగ్గి సిలిండర్ నెమ్మదించడం మాత్రం, నమూనాలో రాయకపోతే, రెండింటిలోనూ బయటపడదు.